పరీక్షలొస్తున్నాయి మాస్టారూ!

సంక్రాంతి సెలవులు అయిపోయి బళ్లు తెరిచాక సంగీతం టీచర్ల ఇళ్లలో, నాట్యం మాస్టార్ల హాళ్లలో చాపల మీద ఖాళీలు కనబడటం మొదలవుతుంది. మంగళవారం బ్యాచ్‌కి ఎనిమిది మంది రావలసిన చోట ఐదుగురే వస్తారు. ఆ పై వారం నలుగురు. రానివాళ్లలో ఒకరి అమ్మ ఫోన్ చేసి చెబుతుంది. ఒకరి నాన్న క్లాసుకు పది నిమిషాల ముందు వాట్సాప్‌లో ఒక ముక్క పెడతాడు. మిగిలినవాళ్లు అసలు చెప్పరు. ఒకటో తారీఖు దాటి, ఐదో తారీఖు దాటి, ఫీజు రాకపోతే టీచరే అర్థం చేసుకోవాలి.

పదో తరగతి, ఇంటర్ పిల్లలు పరీక్షల ముందు పాఠాలు ఆపడం కొత్తేమీ కాదు, తప్పు అంతకన్నా కాదు. నేర్పేవాళ్లకూ ఆ సంగతి తెలుసు, వాళ్లింట్లోనూ పిల్లలు ఆ పరీక్షలు రాసినవాళ్లే. ఇబ్బందల్లా చెప్పే తీరుతో వస్తుంది. అంతకన్నా ఎక్కువగా, చెప్పే సమయంతో వస్తుంది.

పరీక్షలు మార్చిలో కదా, ఫిబ్రవరి ఆఖరున చెబితే సరిపోతుందని చాలామంది తల్లిదండ్రుల లెక్క. టీచరు లెక్క వేరు. వాళ్లకు అది కచేరీల, ప్రదర్శనల కాలం. శివరాత్రికి గుళ్లో కార్యక్రమం, ఉగాదికి కాలనీ సంఘం వాళ్లది, శ్రీరామనవమికి పందిట్లో ఒకటి. 2025నే తీసుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు మార్చి 17న, తెలంగాణలో మార్చి 21న మొదలయ్యాయి. ఆ ఏడాది శివరాత్రి ఫిబ్రవరి 26, ఉగాది మార్చి 30, శ్రీరామనవమి ఏప్రిల్ 6. తెలంగాణ పిల్లలకు ఉగాది నాటికి పరీక్షలింకా పూర్తి కానే లేదు. ఈ పండుగల ఐటమ్‌లు ఏమిటో, ఎవరు ఎక్కడ నిలబడాలో టీచరు సంక్రాంతి అయిన వెంటనే తేల్చేస్తారు.

కూచిపూడి క్లాసులో ఆరుగురు కలిసి చేసే ఐటమ్ ఒకటి ఉందనుకుందాం. ముగ్గురు ముందు, ముగ్గురు వెనక, మధ్యలో జతలుగా విడిపోవడం, చివర్న అర్ధచంద్రాకారంలో కలవడం. ఇందులో ఒక్క అమ్మాయి ఫిబ్రవరి 20న మానేసిందంటే ఖాళీ ఒక్కటే, కానీ మారాల్సినవి ఆరు స్థానాలు. జత తప్పిన అమ్మాయికి కొత్త నడక నేర్పాలి. ఐదుగురితో సమంగా కనిపించేలా వరసలు మళ్లీ కట్టాలి. లేదా జూనియర్ బ్యాచ్ నుంచి ఒక పిల్లను తెచ్చి మొదటి నుంచి చెప్పాలి. దానికి వారానికి రెండు క్లాసుల లెక్కన నెల పడుతుంది. పైగా మానేసేది సాధారణంగా పెద్ద పిల్ల, అంటే ముందు వరసలో మధ్యన నిలబడే పిల్ల. వెనక ఉన్న చిన్నవాళ్లు ఆమెను చూసే అడుగులు వేస్తుంటారు.

గాత్రంలో ఇంత చిక్కు ఉండదు. బృందగానంలో ఒక గొంతు తగ్గితే తెలిసేది తక్కువ. వీణ, వయొలిన్ క్లాసుల్లో అయితే దాదాపు ఎవరి పాఠం వారిదే. కాబట్టి నాట్యం నేర్చుకునే పిల్లల ఇంటివాళ్లు మిగతావారికన్నా ముందు నోరు విప్పాలి.

ఎంత ముందు? డిసెంబరులో. పరీక్షలకు మూడు నెలల ముందే ఎందుకంటే, అసలు ఘర్షణ మార్చిలో రాదు. చాలా బళ్లలో పదో తరగతికి డిసెంబరు నుంచే సాయంత్రం స్టడీ అవర్లు, స్పెషల్ క్లాసులు మొదలవుతాయి. నాలుగున్నరకు ఇల్లు చేరే పిల్ల ఆరు దాటాక చేరుతుంది. ఐదున్నర సంగీతం క్లాసు అక్కడే గల్లంతు. మొదటి రెండు వారాలు పరుగెత్తుకుంటూ ఆలస్యంగా వస్తుంది, మూడో వారం మానేస్తుంది. ఇంట్లోవాళ్లు ఇంకా ‘ఫిబ్రవరిలో చెబుదాం’ అన్న ఆలోచనలోనే ఉంటారు, పాఠం మాత్రం అప్పటికే ఆగిపోయి ఉంటుంది. బడివాళ్లు స్టడీ అవర్ల టైమ్‌టేబుల్ ఇచ్చిన వారంలోనే టీచరుతో మాట్లాడితే ఈ తంటా ఉండదు. అప్పటికి ఉగాది ఐటమ్ కూడా ఖాయమై ఉండదు.

తిరిగి ఎప్పుడొస్తారన్నది రెండో ప్రశ్న. పదో తరగతి అయితే జవాబు తేలికే, ఏప్రిల్ మొదటి వారం. ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ పిల్లల విషయంలో ‘మార్చి అయిపోగానే’ అని చెప్పడం తెలియక ఇచ్చే మాట. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో, ప్రాక్టికల్స్ ఫిబ్రవరిలో, పబ్లిక్ పరీక్షలు మార్చిలో, మెయిన్ రెండో విడత ఏప్రిల్లో. ఆ పైన ఎంసెట్ అని మనం ఇంకా పిలుచుకునే ఈఏపీసెట్. 2025లో అది తెలంగాణలో మే మొదటి వారం దాకా, ఆంధ్రప్రదేశ్‌లో మే నెలాఖరు దాకా నడిచింది. బైపీసీ పిల్లలకు మే మొదట్లో నీట్ ఉంటుంది. అంటే జనవరిలో ఆపిన పాఠం జూన్ దాకా మొదలు కాదు. అయిదు నెలలు. దాన్ని ‘ఒక రెండు నెలలు సెలవు’ అంటే టీచరు ఏప్రిల్లో ఎదురుచూస్తారు, మేలో విసుగుపడతారు, జూన్లో ఆ సమయం ఇంకొకరికి ఇచ్చేస్తారు.

టీచర్ల మనసులో మరో అనుమానం కూడా ఉంటుంది, బయటికి అనరు. మన దగ్గర పది పాసైన పిల్లల్లో చాలామంది ఇంటర్‌కు రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో చేరిపోతారు. అక్కడ శ్రుతిపెట్టెకు చోటుండదు, గజ్జెలకు అసలే ఉండదు. అందుకని ‘పదో తరగతి పరీక్షల కోసం సెలవు’ అన్న మాట వినగానే ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న మనిషికి అది వీడ్కోలు మాటలాగే వినిపిస్తుంది. పిల్ల నిజంగా తిరిగి వచ్చేదైతే ఆ సంగతి విడిగా, గట్టిగా చెప్పాలి. హాస్టల్‌కు పంపే ఆలోచన ఉంటే అదీ చెప్పేయాలి. దాచినందువల్ల కలిసొచ్చేదేమీ లేదు, టీచరు ముందు జాగ్రత్తగా ఇంకొక పిల్లను చేర్చుకునే వీలు మాత్రం పోతుంది.

ఇక మాట్లాడటం ఎలాగో ఒక ఉదాహరణతో చూద్దాం. విజయవాడలో పదో తరగతి చదివే అమ్మాయి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం ఐదున్నరకు గాత్రం క్లాసు. ఆది తాళ వర్ణాలు, కొన్ని కృతులు అయ్యాయి. భైరవి రాగంలో అట తాళ వర్ణం ‘విరిబోణి’ నవంబరులో మొదలుపెట్టారు. నెల ఫీజు 1,500 రూపాయలు అనుకుందాం. డిసెంబరు రెండో వారం నుంచి బడిలో స్టడీ అవర్లు.

ఇలాంటప్పుడు పిల్లచేత కబురు పంపడం పెద్ద పొరపాటు. పదిహేనేళ్ల పిల్ల టీచరు ముందు నిలబడి ‘అమ్మ మానేయమంది’ అని నేల చూపులు చూస్తుంది. ఆ మాటలో సెలవు ఎంతకాలమో, ఫీజు సంగతేమిటో, ఏదీ ఉండదు. తల్లో తండ్రో క్లాసు అయ్యాక వెళ్లి, మిగతా పిల్లలు వెళ్లిపోయేదాకా ఆగి, పిల్లను పక్కన పెట్టుకుని మాట్లాడటం మర్యాద. దూరమైతే ఫోన్. వాట్సాప్ ఆ తర్వాత, తేదీలు గుర్తుండటానికి.

మాటలు ఇలా ఉండొచ్చు: “నమస్కారం టీచర్ గారూ. పాపకు పదో తరగతి కదండీ, సోమవారం నుంచి బళ్లో ఆరింటి దాకా ఉంచేస్తామన్నారు. ఐదున్నర క్లాసుకు అందుకోలేదు. సంక్రాంతి దాకా ఆదివారం పొద్దున మీకు వీలుంటే వారానికి ఒక్కసారి పంపిస్తాం. సంక్రాంతి తర్వాత పరీక్షలయ్యేదాకా సెలవిప్పించండి. ఏప్రిల్ మొదటి వారంలో మళ్లీ వస్తుంది. ఇంటర్ ఇక్కడే చదివిస్తున్నాం, హాస్టల్‌కు పంపట్లేదు. ఉగాది ప్రోగ్రాంలో మాత్రం పాపను లెక్కేసుకోకండి. వర్ణం ఎక్కడిదాకా అయితే ఆపడానికి బాగుంటుందో మీరే చెప్పండి.”

అందులో బతిమాలడం లేదు, సంజాయిషీ లేదు. ఎప్పటినుంచి, ఎప్పటిదాకా, ప్రోగ్రాం సంగతి, తర్వాతి ఆలోచన అన్నీ ఉన్నాయి. చివరి వాక్యం చాలామంది అడగనిది, టీచరును ఇట్టే మెత్తబరిచేది. ఎందుకంటే పాఠాన్ని ఎక్కడ పడితే అక్కడ ఆపకూడదు. వర్ణానికి పల్లవి, అనుపల్లవి, ముక్తాయిస్వరం కలిసి పూర్వాంగం. చరణం, దాని చిట్టస్వరాలు ఉత్తరాంగం. ముక్తాయిస్వరం దాకా చెప్పించుకుని, రెండు కాలాల్లో పాడటం వచ్చాక ఆపితే పిల్ల చేతిలో ఒక పూర్తి ముక్క ఉంటుంది. చరణంలో సగంలో ఆపితే సరిగా పట్టుబడని గమకాలను రెండు నెలల పాటు తనకు తోచినట్టు పాడుకుంటుంది. భైరవిలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ, ఆ రాగంలో రెండు ధైవతాలు వస్తాయి. ఏది ఎక్కడన్నది చెవికి పట్టకముందే వదిలేస్తే తప్పు ధైవతం గొంతులో కుదురుకుంటుంది. ఏప్రిల్లో దాన్ని విడిపించడానికి టీచరుకు కొత్త పాఠం చెప్పేంత శ్రమ.

‘ఇంట్లో సాధన చేసుకుంటుంది లెండి’ అని తల్లిదండ్రులు మాటవరసకు అంటారు. దాన్ని నిజం చేయాలంటే చిన్నగా అడగాలి: ఇరవై నిమిషాల్లో ఏం పాడుకోమంటారు? అనుభవం ఉన్న టీచరు కొత్తది ఏదీ ఇవ్వరు. పొద్దున శ్రుతి పెట్టుకుని కింది స్థాయిలో స్వరాలు నిలపడం, రెండు మూడు జంట వరసలు మూడు కాలాల్లో, బాగా వచ్చిన ఆది తాళ వర్ణం ఒకటి. అంతే. రాత్రి పన్నెండు దాకా చదివి, నిద్ర చాలక గొంతు బొంగురుపోయిన రోజున అదీ వద్దంటారు. వీణ పిల్లలకు గొంతు బాధ లేకపోయినా వేళ్ల బాధ ఉంది. ఎడమచేతి చూపుడు, మధ్య వేళ్ల కొసలకు తీగ ఒరిసి కాయకట్టిన చర్మం వాయించకపోతే మెత్తబడుతుంది. రెండు నెలల తర్వాత మొదటిరోజే గంటసేపు వాయిస్తే మర్నాడు ఆ వేళ్లకు మంట. రోజుకు పది నిమిషాలు తీగ మీద చెయ్యి పెడితే ఆ అవస్థ తప్పుతుంది. వయొలిన్‌కైతే పెట్టెలో పెట్టేముందు కమాను వెంట్రుకలు వదులు చేయడం మరవకూడదు.

ఫీజు మాట దగ్గర ఇరువైపులా మొహమాటం. గురువు గారితో డబ్బు మాట్లాడటమా అని వీళ్లు, అడిగితే ఏమనుకుంటారో అని వాళ్లు. చివరికి ఇద్దరూ మాట్లాడరు, ఏప్రిల్లో పిల్ల వెళ్లే వేళకు మధ్యలో ఒక బరువు. టీచరు వైపు నుంచి చూస్తే పరీక్షల కాలంలో బ్యాచ్‌లోంచి ఒకరు కాదు, ముగ్గురు నలుగురు ఒకేసారి తగ్గుతారు. హాలు అద్దె, కరెంటు బిల్లు తగ్గవు. మృదంగం వాయించేవారికి ఇచ్చేది కొన్నిచోట్ల తగ్గదు. తర్వాత నెల తిరిగేసరికి వేసవి బ్యాచ్‌ల హడావిడి, చోటు కోసం కొత్తవాళ్లు క్యూ కడతారు. కాబట్టి ఐదున్నర మంగళ, శుక్రవారాల చోటే ఏప్రిల్లో మళ్లీ కావాలనుకునే ఇంటివాళ్లు దానికి కొంత ఇవ్వడమే న్యాయం. పై ఉదాహరణలో ఫిబ్రవరి, మార్చి నెలలకు సగం ఫీజు, అంటే మొత్తం 1,500 రూపాయలు. చోటు గురించి పట్టింపు లేకపోతే జనవరి ఫీజు పూర్తిగా ఇచ్చి, “వచ్చాక మీకు ఏ బ్యాచ్‌లో వీలైతే అందులో వేయండి” అంటే చాలు. సగం నెల వచ్చి సగం నెల ఫీజు తీసి ఇవ్వడం మాత్రం ఎవరికీ నచ్చదు. ఈ మాట పిల్ల ఎదుట వద్దు. పెద్దవాళ్లిద్దరూ ఫోన్‌లో తేల్చుకోవచ్చు.

ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలల పద్ధతి వేరు. అక్కడ నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా కోర్సులుంటాయి, హాజరు పట్టీ ఉంటుంది. గురువుకు నోటిమాటగా చెబితే సరిపోదు. ప్రిన్సిపాల్ పేర సెలవు కాగితం రాయాలి, హాజరు తగ్గితే ఆ ఏడాది పరీక్షకు కూర్చోనిస్తారో లేదో ముందే అడగాలి. సర్టిఫికెట్ పరీక్ష కోసం ప్రైవేటుగా ఫీజు కట్టినవాళ్లు కూడా ఆ తేదీని బడి పరీక్షల తేదీలతో కలిపి చూసుకోవాలి.

రంగప్రవేశం తేదీ ఖాయమైన ఇంట్లో అయితే సెలవు మాట ఎత్తడానికే లేదు. విజయవాడలో తుమ్మలపల్లి కళాక్షేత్రం, హైదరాబాద్‌లో రవీంద్రభారతి లాంటి హాళ్లు ముందుగా బుక్ చేసుకోవలసినవి. ఆర్కెస్ట్రాకు అడ్వాన్సు, ఆహార్యానికి కొలతలు, ఆహ్వానాలు ఉంటాయి. పిల్ల పదో తరగతిలో ఉన్న ఏడాది వేసవికి రంగప్రవేశం పెట్టుకోవడమే తొందరపాటు. నాట్యం నేర్పేవారు చాలామంది తొమ్మిదిలోనో, పది అయ్యాక ఆ ఏడాది చివర్లోనో పెట్టుకోమంటారు.

అందరు టీచర్లూ నవ్వుతూ సెలవిస్తారనీ కాదు. “ఇప్పుడు ఆపితే మళ్లీ సరళి వరసల నుంచే” అని బెదిరించేవాళ్లున్నారు. “పరీక్షలు అందరికీ ఉంటాయి, సాధన కొందరికే ఉంటుంది” అని పిల్ల మనసు నొచ్చుకునేలా అనేవాళ్లూ ఉన్నారు. మొదటిది నిజం కాదు. ఏడెనిమిదేళ్లు నేర్చుకున్న పిల్ల రెండు నెలల విరామంతో సరళి వరసలకు జారిపోదు. గమకం బిగువు, ఊపిరి నిడివి కొంత తగ్గుతాయి, రెండు మూడు వారాల్లో తిరిగి వస్తాయి. వాదించనక్కర్లేదు. “మీరు ఎక్కడినుంచి అంటే అక్కడినుంచే మొదలుపెడుతుందండీ” అని ఊరుకుంటే సరి. ఇటు తల్లిదండ్రులు కూడా ఒక మాట ఆపుకోవాలి: “ఈ డాన్సుల వల్లే మార్కులు తగ్గుతున్నాయి.” వారానికి రెండు గంటల క్లాసు తీసేస్తే మార్కులు పెరుగుతాయో లేదో గానీ, ఆ మాట విన్న టీచరు ఏప్రిల్లో పిల్లను మనస్ఫూర్తిగా పిలవరు.

నిజానికి అందరూ పూర్తిగా ఆపాల్సిన పని కూడా లేదు. పరీక్షకూ పరీక్షకూ మధ్య సెలవు రోజున అరగంట వచ్చి పాడి వెళ్లే పిల్లలున్నారు. రోజంతా పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు అదొక ఊపిరి. టీచరు కొత్త పాఠం చెప్పకుండా పాతది పాడిస్తే చాలు. ఇలాంటి ఏర్పాటు ఒంటరి పాఠాల్లో కుదురుతుంది, బ్యాచ్‌లో కుదరదు.

తిరిగి వెళ్లడంలో తేడా చేసేది ఎక్కువగా నాట్యం పిల్లలే. ఏప్రిల్ 4న ఆఖరి పరీక్ష రాసి, 6న శ్రీరామనవమి పందిట్లో తరంగం చేయాలని ఉబలాటపడతారు, ఇంట్లోవాళ్లూ పాపను స్టేజీ మీద చూడాలని ముచ్చటపడతారు. మంచి మాస్టారు ఒప్పుకోరు. రెండు నెలలు కుర్చీలో కూర్చున్న కాళ్లకు దరువు మరిచిపోదు గానీ బలం తగ్గి ఉంటుంది. కనిపెట్టడం సులువే: అరమండిలో మోకాళ్లు ముందులాగా పక్కలకు విచ్చుకోవు, నాలుగో ఆవర్తనానికే నడుము పైకి లేచిపోతుంది, అడుగు నేల మీద చదునుగా పడక మడమ విడిగా చప్పుడు చేస్తుంది. ఆ కాళ్లతో సిమెంటు గచ్చు మీద మూడో కాలం జతులు కొడితే రెండో వారానికి మోకాలి కింద ముంగాలి ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది. అందుకే మొదటి వారం అడవులు ఒకటో కాలంలో, రెండో వారం రెండో కాలంలో, ఐటమ్ మూడో వారం నుంచి. ఇత్తడి పళ్లెం మీద తరంగం ఇంకా తర్వాత. నొప్పి మొదలైతే పిల్లలు మాస్టారికి చెప్పరు, ఇంట్లో చెబుతారు. ఆ రోజే తల్లి ఫోన్ చేసి చెప్పాలి.

క్లాసు మొదలయ్యే తేదీకి వారం ముందు టీచరుకు ఒక ఫోన్ చేయడం మంచిది. ఈలోగా వేసవి బ్యాచ్ కోసం సమయాలు మారి ఉండొచ్చు. సాయంత్రం క్లాసు పొద్దున ఆరున్నరకు వచ్చి ఉండొచ్చు. బడి లేదు కాబట్టి ఏప్రిల్లో ఆ వేళ పిల్లకూ కుదురుతుంది. జూన్లో కాలేజీ తెరిచాక ఏ సమయం కుదురుతుందన్నది మాత్రం అప్పుడే, ఆ ఫోన్‌లోనే అడిగి పెట్టుకోవాలి.